ఇన్వర్టర్ కొనే ముందు సుజాతకు

చి.సౌ. సుజాతకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఫోన్లో చెప్పినవన్నీ కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మీ ఊళ్లో మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా, రాత్రి 10 నుంచి 1 దాకా కరెంటు పోతోంది. షాపతను 1500 వీఏ ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు తీసుకోమన్నాడు, రేపు ఏసీ పెట్టుకున్నా పనికొస్తుందన్నాడు. అమ్మా, ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 1500 వాట్లు లాగుతుంది. ఆ ఇన్వర్టర్ ఇచ్చేది 1200 వాట్ల దగ్గర. ఏసీ మాట మర్చిపోయి, మీ ఇంటికి నిజంగా ఏం కావాలో లెక్కేద్దాం.

ముందు ఒకేసారి ఎన్ని నడుస్తాయో చూడు. మూడు పాత సీలింగ్ ఫ్యాన్లు, ఒక్కోటి 75 చొప్పున 225 వాట్లు. నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులు 80. టీవీ 60, వైఫై 10, ఫోన్ చార్జర్లు 15. అన్నీ కలిపి 390. ఇన్వర్టర్ అట్ట పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది వీఏ. నువ్వు వెతకాల్సింది వాట్ల అంకె, అది చిన్నగా ఉంటుంది. 900 వీఏ అని రాసినవాటిలో చాలావరకు 700 వాట్ల దగ్గర ఇస్తాయి. మీ 390 దాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అది చాలు. కాకపోతే సైన్‌వేవ్‌దే తీసుకో. స్క్వేర్‌వేవ్ మీద ఫ్యాన్లు గుయ్‌మంటాయి, రాత్రి పిల్ల నిద్రపోదు.

ఇక బ్యాటరీ. ఇక్కడే చాలామంది మోసపోతారు. బ్యాటరీ ఎంత దాచుకోగలదో చెప్పే అంకె ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్. 150 ఏహెచ్ బ్యాటరీ అంటే 12 వోల్టులతో గుణిస్తే 1800, అంటే మన కరెంటు బిల్లు భాషలో 1.8 యూనిట్లు. కానీ ఇన్వర్టర్ దాన్ని ఇంటి కరెంటుగా మార్చడంలో ఐదో వంతు దాకా వేడిగా పోతుంది. మిగిలినదంతా పిండేయకూడదు, రోజూ అడుగంటా వాడితే బ్యాటరీ తొందరగా పోతుంది. అందుకని నేను ఎప్పుడూ 150 ఏహెచ్‌కి చేతికొచ్చేది ఒక యూనిట్ అనే లెక్కే కడతాను.

ఆ ఒక్క యూనిట్‌తో మీ ఇంట్లో ఏం జరుగుతుందో చూడు. రాత్రి రెండు ఫ్యాన్లు, ఒక చిన్న బల్బు, వైఫై. 170 వాట్లు. ఇన్వర్టర్ తన కోసం తాను లాగేది ఇంకో 15. మూడు గంటలకి 0.55 యూనిట్. మధ్యాహ్నం మూడు ఫ్యాన్లూ టీవీ వైఫై తిరిగినా, రెండు గంటలకి 0.62. అంటే ఏ కోతకైనా ఒక్క బ్యాటరీ సరిపోతుంది, కొంత మిగులుతుంది కూడా.

మరి తిరిగి నిండడానికి టైముందా? షాపులో ఎవరూ చెప్పని ప్రశ్న ఇదే. కోతలు ఎక్కువున్న ఊళ్లో బ్యాటరీని దెబ్బతీసేది వాడకం కన్నా సగం సగం చార్జింగ్. మధ్యాహ్నం కోతకి బ్యాటరీలోంచి దాదాపు 65 ఏహెచ్ పోతుంది. తిరిగి నింపడానికి దానికి ఐదో వంతు కలిపి 78 దాకా పెట్టాలి. చార్జర్ 12 ఆంపియర్లు ఇస్తే ఆరున్నర గంటలు, చివర్లో నెమ్మదిస్తుంది కాబట్టి ఎనిమిది అనుకో. మీకు 3 నుంచి రాత్రి 10 దాకా ఏడు గంటలే ఉంది, కొంచెం తగ్గుతుంది. పర్వాలేదు, రాత్రి 1 తర్వాత పన్నెండు గంటలు దొరుకుతుంది, ఆ లోటు తీరిపోతుంది. కోతలు ఇంకా పెరిగితే మాత్రం కష్టం. అప్పుడు పెద్ద బ్యాటరీ కొన్నా లాభం లేదు, నీళ్లు రానప్పుడు పెద్ద తొట్టి కట్టినట్టే. నిండకుండా రోజుల తరబడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఫుల్ చార్జ్ లైటు ఎప్పుడూ వెలగదు, నెలనెలా బ్యాకప్ తగ్గుతూ వస్తుంది. అందుకే కొనేటప్పుడు చార్జింగ్ ఎన్ని ఆంపియర్లని అడుగు. ఏహెచ్‌లో పదో వంతు ఉంటే మంచిది, 150కి 15.

రెండో బ్యాటరీకి పెట్టే డబ్బు నీ దగ్గర ఉంటే, అందులో సగం కూడా అవదు, రెండు పడకగదుల్లో బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టించు. ఒక్కోటి 30 వాట్లే. రాత్రి లోడు 185 నుంచి 95కి పడిపోతుంది. అదే ఒక్క యూనిట్ పది గంటలు వస్తుంది, వాడింది తక్కువ కాబట్టి తిరిగి నిండేదీ తొందరే. ఇంతకంటే మంచి ఖర్చు నాకు తెలీదు.

ఫ్రిజ్ కావాలని మీ అత్తగారు అడుగుతారు. స్టార్టయ్యే క్షణంలో అది మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలు లోపలివి పాడవవు, మీకున్న కోతలు అంతకంటే తక్కువే. ఎలక్ట్రీషియన్ ఇన్వర్టర్ లైను వేరు చేసేటప్పుడు నువ్వు పక్కనే నిలబడు. ఫ్రిజ్, మిక్సీ, గీజర్, ఇస్త్రీపెట్టె, మోటారు ప్లగ్గుల్లో ఏ ఒక్కటీ ఆ లైన్లోకి రాకూడదు. పని అయ్యాక మెయిన్ ఆపించి, ఇంట్లో ఏవి వెలుగుతున్నాయో, ఏ ప్లగ్గులో కరెంటు ఉందో గదిగదికీ తిరిగి చూడు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. కొత్త బ్యాటరీ వేసిన ఐదు నెలలకే రాత్రి గంటకే ఇన్వర్టర్ కూతపెట్టేది. బ్యాటరీ పోయిందనుకుని షాపుకి మోసుకెళ్లాను, ఒకసారి కాదు, రెండుసార్లు. వాళ్లు చార్జ్ పెట్టి బాగుందని పంపేవాళ్లు. ఒక సాయంత్రం మీ అత్తయ్య అంది, వీధి లైటు వెలుగుతుంటే మన ఇన్వర్టర్ మీద మెయిన్స్ లైటు ఎందుకు లేదని. మీటర్ పెడితే 170 వోల్టులు. వెనకవైపు స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో సుమారు 180 కంటే తగ్గితే అది కరెంటు తీసుకోదు, బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. అంటే రోజూ సాయంత్రం కరెంటు ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతోంది. స్విచ్ మామూలు మోడ్‌కి మార్చాను, ఆ గొడవ అక్కడితో పోయింది. మీ ఊళ్లోనూ సాయంత్రాలు బల్బులు మసకగా ఉంటాయన్నావు కదా, మొదటిరోజే ఆ స్విచ్ చూడు. పక్కనే బ్యాటరీ రకం ఎంచుకునే ఇంకో స్విచ్ ఉంటే, దాన్ని ట్యూబ్యులర్ మీద పెట్టించు, మీరు తీసుకునేది టాల్ ట్యూబ్యులరే కాబట్టి.

నెలకోసారి మూతల్లోని తేలే కడ్డీలు చూడు. ఎర్ర గీత దాకా దిగితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి, కుళాయి నీళ్లు వద్దు, ఎవరు చెప్పినా యాసిడ్ పోయొద్దు. బ్యాటరీ పడకగదిలో పెట్టొద్దు, చార్జింగ్‌లో గ్యాస్ వస్తుంది. వరండాలో ఎండ తగలని మూల చాలు.

అబ్బాయి శనివారం షాపుకి వెళ్తున్నాడన్నావు. పెట్టె మీద వాట్లు, చార్జింగ్ ఆంపియర్లు ఉన్న వైపు, బ్యాటరీ మీద తయారైన నెల ఉన్న చోటు ఫోటో తీసి పంపమను. డబ్బు కట్టే ముందు నేను చూస్తాను.

మీ మామయ్య