మూడు నెలల విరామం: వారానికి ఎంత, ఎక్కడ ఎన్నాళ్లు?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు, హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం. సెప్టెంబర్ ఆఖరుకు మానేసి అక్టోబర్ నుంచి 3 నెలలు దేశం తిరగాలనుకుంటున్నాను. 14 ఊళ్లు రాసుకున్నాను. చేతిలో రూ.8 లక్షలు ఉన్నాయి. గది అద్దె రూ.18,000, ఒంగోల్లో అమ్మానాన్నలకు నెలకు రూ.12,000 పంపాలి. అప్పులు లేవు. ఎంత ఖర్చు పెట్టొచ్చు?

జవాబు: ముందు తిరుగుడుకు సంబంధం లేని డబ్బు పక్కన పెడదాం. గది అద్దె, ఇంటికి పంపేది కలిపి మూడు నెలలకు రూ.90,000. ఆరోగ్య బీమా ప్రీమియం, ఫోన్ వగైరాలకు రూ.30,000. తిరిగొచ్చాక ఉద్యోగం దొరికేదాకా నెలకు రూ.45,000 చొప్పున నాలుగు నెలలకు రూ.1,80,000. ఇక రూ.2 లక్షలు అత్యవసర నిధిగా ఎఫ్‌డీలో ఉండిపోవాలి, దాని జోలికి వెళ్లొద్దు. ఇవన్నీ పోను మిగిలేది రూ.3 లక్షలు. మీ బడ్జెట్ అదే. ఆఫీసు నుంచి రావాల్సిన ఫైనల్ సెటిల్‌మెంట్‌ను ఖాతాలో పడేదాకా లెక్కలోకి తీసుకోకండి.

ఈ డబ్బుతో 14 ఊళ్లు వద్దు. ఊరు మారిన ప్రతిసారీ బస్సు, ఆటో, బయట భోజనం, రోజు లెక్కన గది అద్దె కలిసి మూడున్నర వేలు ఎగిరిపోతాయి. 14 సార్లు మారితే దాదాపు రూ.50,000 ఏమీ చూడకుండానే అయిపోతుంది. అలసట దానికి అదనం. మూడు మకాములు పెట్టుకోండి, ఒక్కోచోట నాలుగు వారాలు.

నా సలహా ఇది. అక్టోబర్‌లో హిమాచల్‌లోని బీర్. వానలు తగ్గి, ఆకాశం తేటగా ఉండి, దగ్గర్లోని బిల్లింగ్ కొండ నుంచి పారాగ్లైడింగ్ జోరుగా సాగే రోజులు. అక్టోబర్ ఆఖరు నుంచి మైసూరు. దసరా రద్దీ అయిపోయి ఉంటుంది. యోగా నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల వల్ల గోకులం వైపు నెలవారీ గదులు దొరుకుతాయి. నవంబర్ ఆఖరుకు కేరళలో వానలు తగ్గుముఖం పడతాయి కాబట్టి అప్పుడు వర్కల. అక్కడ మాత్రం క్రిస్మస్‌కు ముందే ఖాళీ చేసేయండి. డిసెంబర్ 20 దాటాక గదుల ధరలు బాగా పెరుగుతాయి.

రూ.3 లక్షల్లో రూ.40,000 దూర ప్రయాణాలకు, రూ.26,000 అనుకోని ఖర్చుకు తీసేస్తే రూ.2,34,000 మిగులుతాయి. 13 వారాలకు వారానికి రూ.18,000. కానీ ప్రతి వారం ఒకేలా ఖర్చు కాదు. మొదటి మూడు వారాలు రూ.20,000 చొప్పున పెట్టుకుని, నాలుగోది విశ్రాంతి వారంగా రూ.12,000తో నడపండి. మకాముకు సరిగ్గా రూ.72,000 అవుతుంది. ఆఖరి 13వ వారం ఇంటికి చేరి సర్దుకోవడానికి.

విశ్రాంతి వారం అంటే టికెట్లు లేవు, టూర్లు లేవు. నెలకు రూ.28,000 గది అయితే వారానికి రూ.7,000 దానికే పోతుంది, మిగతా రూ.5,000 తిండికీ చిల్లర ఖర్చులకూ. అందుకే వంట చేసుకునే వీలున్న గది చూడండి. ఆన్‌లైన్‌లో మొదట మూడు రాత్రులకే డబ్బు కట్టండి. నీళ్లు సరిగా వస్తున్నాయా, బీర్‌లో గీజర్ పనిచేస్తోందా చూసుకుని, నచ్చితే అప్పుడు యజమానితో నెల రేటు మాట్లాడుకోండి. వర్కలకు మాత్రం తేదీలతో సహా ముందే ఖాయం చేసుకోవాలి.

డబ్బంతా యూపీఐకి అందేలా ఉంచకండి. వేరే సేవింగ్స్ ఖాతా తీసుకుని, ప్రతి సోమవారం ఆ వారానికి రాసుకున్న మొత్తం అందులోకి మారేలా ముందే షెడ్యూల్ చేయండి. నెల అద్దె ఒకేసారి అడిగితే ఆ వారం మొత్తం పెంచి, తర్వాతి వారాల్లో ఆ మేరకు తగ్గించండి. యూపీఐని ఆ ఖాతాకే కలపండి. గురువారానికే ఖాతా ఖాళీ అయితే శుక్రవారం ట్రిప్పు మానుకోండి. వరుసగా రెండు వారాలు అలా జరిగితే విశ్రాంతి వారాన్ని అనుకున్నదానికన్నా ముందే పెట్టుకోండి. ఊరు మారి సరిచేసుకోవాలని చూస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టేది ఆరోగ్య బీమా. ఉద్యోగం మానేస్తే ఆఫీసు పాలసీ సాధారణంగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. సొంత పాలసీ తీసుకుంటే మామూలుగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు క్లెయిమ్ ఉండదు. కాబట్టి ఆగస్టులోనే తీసుకోండి. అంతకన్నా ముందు హెచ్‌ఆర్‌ను రెండు అడగండి: జీతం లేని సెలవు ఇస్తారా, ఆ సెలవులో గ్రూపు బీమా కొనసాగుతుందా? రెండింటికీ అవుననే జవాబు మెయిల్‌లో వస్తే రాజీనామా పెట్టకండి. అప్పుడు ఉద్యోగ వేటకు దాచిన రూ.1,80,000లో చాలాభాగం మీకే మిగులుతుంది.