‘లేదు’, ‘కాదు’ సరిచూసే పద్ధతి: పత్రిక డెస్క్‌లో చేరిన మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

అనంతపురం నుంచి మీ పెదనాయన ఆశీస్సులు. నువ్వు పంపిన శెనక్కాయ రైతు కథనం చదివినాను. మనిషి మాట బాగానే పట్టుకున్నావు. ఒక్క పేరా దగ్గర మాత్రం నా పెన్సిల్ ఆగింది. దాన్ని మళ్ళీ ఇక్కడ రాస్తున్నా, చూడు.

“మా నాయన అప్పు చేయలేదు. పండినదాంతోనే సర్దుకునేవాడు. ఆ ఏడు మాత్రం జూన్, జులైల్లో వాన పడేది కాదు. విత్తినా గింజ మొలకెత్తదు. నాయన మొదటిసారి షావుకారి గడప తొక్కినాడు. మా అమ్మ పుట్టింటికి వెళ్ళలేదు. నాకు అప్పుడు ఆ సంగతి తెలియలేదు.”

ఇందులో వ్యతిరేక క్రియలు ఐదున్నాయి. స్పెల్లింగ్ చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి, అందుకే కంటికి ఆనవు. వీటిని చూసేటప్పుడు నేను చేసే పని ఒక్కటే: ‘లేదు’, ‘కాదు’ తీసేసి వాక్యాన్ని అవునన్నట్టు తిప్పి చదువుతా. ‘చేయలేదు’ తిప్పితే ‘చేశాడు’. ‘చేయడు’ తిప్పితే ‘చేస్తాడు’. ‘చేసేవాడు కాదు’ తిప్పితే ‘చేసేవాడు’. ‘చేయడం లేదు’ తిప్పితే ‘చేస్తున్నాడు’. తిప్పిన వాక్యం పక్క వాక్యాలతో కలిసి నడిస్తే సరే. నడవకపోతే క్రియ తప్పు కాలంలో పడిందన్నమాట.

మొదటి వాక్యం తిప్పు. “మా నాయన అప్పు చేశాడు. పండినదాంతోనే సర్దుకునేవాడు.” మొదటిది ఒకసారి జరిగిన పని, రెండోది అలవాటు, రెండూ అతకడం లేదు. పెద్దాయన చెబుతున్నది వాళ్ళ నాయన అలవాటు గురించి కాబట్టి ‘అప్పు చేసేవాడు కాదు’ అని ఉండాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ‘అప్పు చేయలేదు’ అంటే ఒక్కసారి కూడా చేయలేదని చదువరికి తోస్తుంది. మూడు వాక్యాలు దాటగానే ఆయనే షావుకారి గడప తొక్కినాడు! ‘చేసేవాడు కాదు’ అంటే ఆ గొడవ ఉండదు, మామూలుగా చేయని మనిషి ఒక ఏడు చేయాల్సి వచ్చిందని అర్థమవుతుంది. అలాగని పాత సంగతి కనిపించిన ప్రతిచోటా ‘లేదు’ను ‘కాదు’ చేయకు. “చచ్చేదాకా ఒక్క రూపాయి అప్పు చేయలేదు” అన్న వాక్యం నిక్షేపంగా ఉంది. అక్కడ చెబుతున్నది అలవాటు కాదు, మొత్తం జీవితంలో ఒక్క అప్పూ లేదన్న లెక్క.

రెండో చోట ఇదే తప్పు తలకిందులుగా జరిగింది. ‘ఆ ఏడు’ అని ఒక్క ఏడాదిని వేలు పెట్టి చూపించి, కింద ‘పడేది కాదు’ అన్నావు. ‘పడలేదు’ అను. ‘ఆ రోజుల్లో’, ‘ఎండాకాలం వస్తే’, ‘చిన్నప్పుడు’ లాంటి మాటలుంటే ‘పడేది కాదు’కు చోటుంటుంది. ‘నిన్న’, ‘ఆ ఏడు’, ‘ఆ పొద్దు’ ఉంటే చాలామటుకు ‘లేదు’ రావాలి. ‘మొలకెత్తదు’ కూడా అంతే. తడి లేకుంటే గింజ మొలకెత్తదు, ఇది ఎప్పుడూ ఉండే సంగతి. ఆ ఏడు మాత్రం మొలకెత్తలేదు. నోటితో కథ చెప్పేటప్పుడు పెద్దవాళ్ళు ‘మొలకెత్తదు, ఏం చేయల్ల?’ అంటారు, వినడానికి బాగుంటుంది. ఆ మాట కావాలంటే కోట్స్‌లో ఉంచు, నీ కథనంలోకి తేకు.

ఈ ‘పడేది’ దగ్గరే ఇంకో మాట. కర్త ‘వానలు’ అయితే ‘పడేవి కావు’ అని రాయి. ‘పడేవి కాదు’ అనేది కాపీల్లో తరచూ కనిపిస్తుంది, దిద్దాల్సిందే. మనుషులకైతే ‘వచ్చేవాళ్ళు కాదు’ చాలు, ‘వచ్చేవారు కారు’ అని బిగించడం నాకు నచ్చదు. ‘లేదు’కు ఈ బాధ లేదు. నేను రాలేదు, వాళ్ళు రాలేదు, నీళ్ళు రాలేదు, అన్నిటికీ అదే రూపం. దాన్ని కర్తకు తగ్గట్టు మార్చబోయి ‘నీళ్ళు రాలేవు’, ‘వాళ్ళు రాలేరు’ అని రాస్తారు కొందరు. అప్పుడది జరగలేదన్న అర్థం పోయి, చేతకాదన్న అర్థం వస్తుంది. “గ్రామసభకు అధికారులు రాలేరు” అని అచ్చయితే పొద్దున్నే ఫోన్ నీకే వస్తుంది.

ఇప్పుడు అసలైన చిక్కుకు వద్దాం. “మా అమ్మ పుట్టింటికి వెళ్ళలేదు.” అమ్మ బదులు నాయనను పెట్టి చూడు. వెళ్ళని సంగతైతే ‘నాయన వెళ్ళలేదు’. వెళ్ళే శక్తి లేకపోతే ‘నాయన వెళ్ళలేడు’. మగవాడి దగ్గర రెండు రూపాలు విడిగా ఉన్నాయి. ఆడమనిషికి, పశువుకు, వస్తువుకు రెండూ ‘వెళ్ళలేదు’ అనే ఒకే రూపంలో కలిసిపోతాయి. అందుకని కర్త ‘ఆమె’ గానీ ‘అది’ గానీ అయి, చివర ‘లేదు’ ఉంటే అక్కడ తప్పకుండా ఆగు. చుట్టూ ‘నిన్న’, ‘మొన్న’ లాంటి మాటుంటే ఇబ్బంది లేదు. లేదంటే విడగొట్టి రాయి. చేతకాని సంగతి ఇప్పటిదైతే ‘ఆమె వల్ల కాదు’, జరిగిపోయినదైతే ‘వెళ్ళలేకపోయింది’.

‘తెలియలేదు’ తప్పని అనను, కానీ నువ్వనుకున్న అర్థం అదేనా? ‘తెలుసు’కు వ్యతిరేకం ‘తెలియదు’, పాత సంగతికీ అదే సరిపోతుంది: “నాకు అప్పుడు తెలియదు.” ‘తెలియలేదు’ అంటే తెలిసిరాలేదని, బుర్రకెక్కలేదని. తిప్పి చదివినా ఇది తేలుతుంది: ‘తెలుసు’ అని వస్తుందా, ‘తెలిసింది’ అని వస్తుందా చూడు. ‘ఉన్నాడు’ కూడా ఇట్లాంటిదే. నిన్న ఇంట్లో లేడు, అంతే. ‘ఉండలేదు’ అంటే వచ్చి నిలవకుండా పోయాడని.

తిప్పి చదవడం పని చేయని చోటు ఒకటుంది. “వాన పడి ఉంటే నాయన అప్పు చేసేవాడు కాదు” అన్న వాక్యంలో అలవాటు ఊసే లేదు, జరగని దాని గురించిన ఊహ మాత్రమే ఉంది. ‘కాదు’ చూడగానే అలవాటు అనుకోకుండా, ముందు ‘ఉంటే’ ఉందేమో వెతుకు.

ఐదింటిలో నాలుగు వాక్యాలూ నువ్వే దిద్దగలవు. అమ్మ గురించిన వాక్యం మాత్రం ఇక్కడ కూర్చుని నేను దిద్దలేను, అక్కడ కూర్చుని నువ్వూ దిద్దలేవు. ఆ ముసలాయన ‘మాయమ్మ పోలే’ అని ఉంటాడు, దాన్ని నువ్వు ‘వెళ్ళలేదు’ చేసి ఉంటావు. మన పక్క చేతకాని దానికి ‘పోయేకి కాలే’ అని వేరే మాట ఉంది కదా. పేజీ వదిలేలోపు ఆయనకు ఒకసారి ఫోన్ చేసి, ఆ ఏడు వాళ్ళమ్మ పుట్టింటికి పోలేదా, పోయేకి కాలేదా అని ఆయన మాటలోనే అడుగు.

ఇట్లు,
మీ పెదనాయన