నష్టం తర్వాత లాట్లు పెంచే అలవాటు ఎట్టా ఆపాలి?

కావలిలో ఉంటా. ఆప్షన్స్‌లో పొద్దున పోయింది మధ్యాహ్నానికి రాబట్టాలని లాట్లు పెంచేస్తున్నా. ఎట్టా ఆపేది?

లక్షలో 2,000 పోయాక లాట్లు రెట్టింపు చేస్తూ పోతే తర్వాత 4,000, ఆపైన 8,000 పోవచ్చు. మూడు ట్రేడ్లకే 14,000 గల్లంతు. మిగిలిన 86,000 మళ్లీ లక్ష కావాలంటే 16 శాతానికి పైగా లాభం రావాలి.

లక్షకు ట్రేడ్‌కు 1,000, రోజుకు 2,000 నష్టం హద్దు పెట్టుకోండి. ఒక్క లాట్‌కే స్టాప్‌లాస్ 1,000 దాటుతుంటే ఆ ట్రేడ్ వదిలేయండి. హద్దు తగలగానే పొజిషన్లు మూసి, పెండింగ్ ఆర్డర్లు రద్దు చేసి, బ్రోకర్ యాప్‌లో ట్రేడింగ్ ఆపేసే కిల్ స్విచ్ ఉంటే నొక్కేయండి. ఉడుకు మీదున్నప్పుడు మనసులో పెట్టుకున్న హద్దు నిలవదు, బటనే నయం. చాలామంది జారేది ఇక్కడే: యూపీఐలో ఇంకో యాప్‌లోకి డబ్బేసి మొదలెడతారు. ఆ రెండో ఖాతా మూసేయండి. స్టాప్‌లాస్ వెనక్కి జరపబుద్దయితే హద్దు దాకా ఆగొద్దు, ఆ రోజుకి చాలించండి.