షార్ట్‌కూ పెద్ద వీడియోకూ ఒకే వివరాలు పెట్టొచ్చా?

ప్రశ్న: బెంగళూరులో ఉంటూ తెలుగు వంటల ఛానల్ నడుపుతున్నాను. యూట్యూబ్ షార్ట్‌కూ పెద్ద వీడియోకూ ఒకే టైటిల్, డిస్క్రిప్షన్, ట్యాగులు పెట్టొచ్చా? దేనికి ఏది ముఖ్యం?

జవాబు: వద్దండీ. పెద్ద వీడియోను మనిషి చూసి, ఎంచుకుని నొక్కుతాడు. అందుకే అక్కడ టైటిల్, థంబ్‌నెయిల్ రెండూ కలిసి పని చేయాలి. షార్ట్ ఫీడ్‌లో వేలితో పైకి జరపగానే దానంతట అదే మొదలవుతుంది, థంబ్‌నెయిల్ కనపడదు. టైటిల్ కూడా కింద చిన్నగా వస్తుంది, పొడవైతే తెగిపోతుంది. కాబట్టి వంటకం పేరు మొదటి రెండు మూడు మాటల్లోనే రావాలి.

నేను మారతహళ్లిలో ఉంటాను. గోంగూర పచ్చడి షార్ట్ పెట్టి, పూర్తి వీడియో లింకు డిస్క్రిప్షన్‌లో ఇచ్చాను. అటు నుంచి ఒక్కరూ రాలేదు. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో లింకులు నొక్కితే తెరుచుకోవు. స్టూడియోలో ఆ షార్ట్ వివరాల్లోకి వెళ్లి `Related video` దగ్గర పూర్తి వీడియోను ఎంచుకున్నాక, షార్ట్ మీదే దాని లింకు కనిపించింది. నా దృష్టిలో షార్ట్‌కు అన్నిటికన్నా విలువైన గడి అదే.

పెద్ద వీడియో డిస్క్రిప్షన్‌లో మాత్రం చాప్టర్లు రాయండి:

```
00:00 ఆకు కడిగి ఆరబెట్టడం
02:40 మిరపకాయలు వేయించడం
05:15 రోట్లో నూరడం
```

మొదటిది 00:00 కావాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. ఏది తప్పినా చాప్టర్లు రావు.

ట్యాగుల గురించి టెన్షన్ వద్దు. పేరును జనం తప్పుగా టైప్ చేసే చోటే అవి పనికొస్తాయి.