టెక్ సందేహాలు: కుండీలో ఉన్నది పసుపేనా?

*ప్రశ్న: మా పిన్ని మూడు కుండీలు ఇచ్చింది. ఒకటి పసుపు, ఒకటి అల్లం, ఒకటి దుంపరాష్ట్రకం అంది. చీటీలు వానకు కొట్టుకుపోయాయి. మొక్కల్ని గుర్తించే యాప్‌లో ఆకు ఫొటోలు పెడితే ఒకే మొక్కకు మూడుసార్లు మూడు పేర్లు చెప్పింది. ఫోన్ కెమెరా బాగాలేదా, యాప్ మార్చాలా? ఫొటోలు పంపుతున్నాను.*
*– ఒక పాఠకురాలు, తెనాలి*

కెమెరా బాగానే ఉంది. యాప్ మార్చినా పెద్దగా తేడా ఉండదు. మీరు పంపిన మూడు ఫొటోల్లోనూ ఆకు కొస మాత్రమే ఫ్రేమంతా నిండి ఉంది. ఈ మూడు మొక్కలూ ఒకే కుటుంబానివి. మూడింటి ఆకుకూ మధ్యలో ఒక నడిమి ఈనె, దాని నుంచి ఏటవాలుగా సాగే సన్నని ఈనెలు, సూదిగా ముగిసే కొస ఉంటాయి. ఆకు ఎంత పొడవు, ఎంత వెడల్పు, కాండానికి ఎలా అతుక్కుంది అన్నవి ఆ ఫ్రేమ్‌లో లేవు. అవి లేకుండా నన్ను అడిగినా నేనూ ఊహించి చెప్పాల్సిందే.

అందుకే మీకు మెయిల్ రాసి రెండు రకాల ఫొటోలు అడిగాను. ఒకటి, మొక్క మొత్తం పక్క నుంచి. రెండు, ఆకు కాండాన్ని కలిసే చోటు, పక్కన స్కూల్ పిల్లల స్కేలు పెట్టి. 0.5x లెన్స్ వద్దని కూడా చెప్పాను. అది ఫ్రేమ్ అంచుల్లో ఉన్నవాటిని సాగదీస్తుంది, సన్నటి ఆకు కూడా వెడల్పుగా కనిపిస్తుంది.

ఆ ఫొటోలు రాగానే మొదటి కుండీ సంగతి తేలిపోయింది. ఆకు సుమారు 25 సెంటీమీటర్ల పొడవుంది, వెడల్పు మాత్రం 2 సెంటీమీటర్లే. వెదురాకులా ఉంది. దానికి కాడ లేదు, ఆకు నేరుగా కాండాన్ని చుట్టుకున్న తొడుగులోంచే మొదలవుతోంది. కాండానికి అటొకటి ఇటొకటిగా రెండు వరుసల్లో ఆకులున్నాయి. అది అల్లం, అనుమానం అక్కర్లేదు.

మూడో కుండీలో పిలక దాదాపు మీ భుజం ఎత్తుంది. దీని ఆకులు కూడా రెండు వరుసల్లోనే ఉన్నాయి, కాడ ఉందా లేదా అన్నంత పొట్టిగా ఉంది. కానీ వెడల్పు 8 సెంటీమీటర్లు, అల్లానికి నాలుగు రెట్లు. కుండీ అంచున మట్టిలోంచి తొంగిచూస్తున్న కొత్త మొలక గులాబీ రంగులో ఉంది. ఇవన్నీ దుంపరాష్ట్రకాన్నే చూపిస్తున్నాయి. థాయ్ వంటల వీడియోల్లో గలాంగల్ అంటూ చూపించేది దీన్నే. డిసెంబరులో పక్క కుండీల ఆకులు పండిపోతుంటే ఇది పచ్చగా నిలబడి ఉండటం కూడా గమనించండి. పసుపు, అల్లం చలికాలంలో పైకి ఎండిపోయి దుంపగా మిగులుతాయి. దుంపరాష్ట్రకం ఏడాది పొడవునా ఆకుతోనే ఉంటుంది.

చిక్కంతా రెండో కుండీతోనే వచ్చింది. ఆకులు నేల దగ్గర్నుంచే గుత్తిగా లేచాయి. ప్రతి ఆకుకూ జానెడు కాడ, దాని మీద 12 సెంటీమీటర్ల వెడల్పున్న ఆకు. ఇలా పొడవాటి కాడ ఉందంటే అది అల్లమూ కాదు, దుంపరాష్ట్రకమూ కాదు. పసుపే అని రాసేయబోయి ఆగాను. మన ప్రాంతంలో ఇదే ఆకుతో ఇంకో మొక్క ఉంది, మామిడి అల్లం. పేరులో అల్లం ఉన్నా అది పసుపుకే దగ్గర చుట్టం. ఆకు ఫొటోతో ఈ రెంటినీ విడదీయడం యాప్‌కు కాదు కదా, మొక్కలు పెంచేవాళ్లకే కష్టం. దుంప కోసి చూడాల్సిందే.

మీరు దుంప ముక్క కోసి, రాత్రి వంటింటి బల్బు కింద ఫొటో తీసి పంపారు. అందులో ముక్క పసుపుపచ్చగా మెరిసిపోతోంది. యాప్ కూడా ఈసారి తడుముకోకుండా పసుపు అంది. కానీ దుంప కింద మీరు పరిచిన తెల్ల కాగితం కూడా ఆ ఫొటోలో పసుపుపచ్చగానే ఉంది! పసుపుపచ్చటి బల్బు వెలుతురును కెమెరా పూర్తిగా సరిచేయలేకపోయింది. దుంప ఫొటోల్లో నేను మొదట చూసేది వెనకున్న కాగితాన్నే. అది తెల్లగా లేకపోతే దుంప రంగును నమ్మను.

మర్నాడు పొద్దున ఎండ నేరుగా పడని వరండాలో, అదే కాగితం మీద, అప్పుడే కోసిన ముక్కను మళ్లీ తీయమన్నాను. మీ ఫోన్‌లో Pro మోడ్ ఉంటే WB, అంటే వెలుతురు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్ దగ్గర 5500K చుట్టుపక్కల పెట్టి తీయవచ్చు. లేకపోయినా పగటి నీడ చాలు. అలా తీసిన ఫొటోలో ముక్క అంచు తెల్లగా, నడుమ లేత పసుపుగా వచ్చింది. పసుపు దుంప అలా ఉండదు, ముదురు నారింజ రంగులో ఉండి చాకుకీ వేళ్లకీ అంటుకుంటుంది. వాసన ఎలా ఉందని అడిగితే "పచ్చి మామిడికాయలా ఉంది" అని రాశారు. మీ పిన్ని పసుపని ఇచ్చింది మామిడి అల్లం. వాసనను ఏ కెమెరా పట్టుకోలేదు కాబట్టి ఆ పని మీ ముక్కే చేయాలి. పచ్చడి చేసుకోండి, పసుపు దుంప మాత్రం విడిగా తెచ్చి నాటుకోవాలి.

మిగతా రెండు దుంపల ఫొటోలు చూస్తే ముందు అనుకున్నదే నిజమైంది. అల్లం మీకు తెలిసిందే. దుంపరాష్ట్రకం పైతోలు ఎర్రటి గోధుమ రంగులో ఉండి, దాని మీద గాజులు తొడిగినట్టు దగ్గర దగ్గరగా వలయాలుంటాయి. లోపల తెలుపు. అల్లంలా చాకు సులువుగా దిగదు, పీచుతో గట్టిగా ఉంటుంది.

యాప్ మార్చాలా అన్నారు కాబట్టి ఒక మాట. PlantNet లాంటి వాటిలో ఒకే మొక్కవి కొన్ని ఫొటోలు కలిపి ఇచ్చి, ఇది ఆకు, ఇది పువ్వు అని విడిగా చెప్పే వీలుంది. ఒక్క ఫొటో ఇచ్చి అడగడం కన్నా అది మేలు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను మాత్రం అందులో పెట్టకండి. మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి సన్నటి వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి.

వచ్చే వానాకాలం పువ్వులు వస్తే ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. అల్లం ఇళ్లలో అరుదుగా పూస్తుంది. పూస్తే ఆకులున్న కాండం మీద కాదు, నేలలోంచి విడిగా లేచిన పొట్టి కాడ చివర ఆకుపచ్చ బుడిపెలా వస్తుంది, అందులోంచి ఊదా రంగు పెదవి ఉన్న చిన్న పువ్వులు తొంగిచూస్తాయి. పసుపు పూగుత్తి ఆకుల నడుమ నుంచి లేస్తుంది. పైన తెలుపో లేత గులాబీయో కనిపించేవి రేకులు కావు, రంగు మారిన చిన్న ఆకులు. అసలు పువ్వులు కింది ఆకుపచ్చ దొప్పల్లో లేత పసుపు రంగులో దాగి ఉంటాయి. దుంపరాష్ట్రకం కాండం చిట్టచివర, కొమ్మలు కొమ్మలుగా, నిటారుగా పూస్తుంది. నర్సరీల్లో అందానికి అమ్మే దాని చుట్టాల్లో ఒకదాని పూగుత్తి కిందికి వేలాడుతుంది, దాన్ని చూసి పొరబడకండి. పువ్వుకు దగ్గరగా ఎన్ని ఫొటోలు తీసుకున్నా సరే, ముందు రెండడుగులు వెనక్కి జరిగి, ఆ గుత్తి నేలలోంచి వచ్చిందా, ఆకుల మధ్య నుంచా, కాండం చివర నుంచా అన్నది తెలిసేలా ఒకటి తీసి పంపండి.