ప్లాట్ మీద ఏడాదికి ఎంత శాతం పెరిగినట్టు? పవర్ ఫార్ములాల మైనస్ 72, RATE ల ఎర్రర్

ప్రశ్న: 2014 జూన్‌ల హన్మకొండ సైడు 200 గజాల ప్లాట్ 9 లక్షలకు తీస్కున్నం, 2024 డిసెంబర్‌ల 25 లక్షలకు అమ్మినం. ఏడాదికి ఎంత శాతం పెరిగిందో ఎక్సెల్‌ల చూద్దామని =B2/B1^1/10-1 కొడితే మైనస్ 72 శాతం వస్తుంది. =RATE(10,0,B1,B2) పెడితే #NUM! అంటుంది. మా బావేమో రూపాయి మిత్తికి ఇచ్చినా ఇంతకంటే ఎక్కువొచ్చేది అని ఎద్దేవా చేస్తుండు. అసలు లెక్క ఏంది?

జవాబు:

అన్నా, నేను ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల లెక్కలు రాస్త, ఈ రెండు తప్పులూ నేను చేసినయే, ఇంకోటి మీరు ఇంకా చెయ్యనిది కూడా చేసిన, అది కింద చెప్త.

ముందు మైనస్ 72 సంగతి. ఎక్సెల్ ఏం చేస్తదంటే ^ గుర్తు కనవడంగనే దాని పని ముందు చేస్తది, భాగారం తర్వాతనే. మీరు ^1/10 అని రాసిన్రు, అది 1/10 ని ఒక ముద్దగ తీస్కోలే, B1 ని ఒకటో ఘాతం చేసింది అంటే ఏం మారలే, ఆ తర్వాత 25 లక్షలను 9 లక్షలతోని భాగించి మల్ల 10 తోని భాగించి 1 తీసేసింది. 2.78 ని 10 తోని భాగిస్తే 0.278, దాంట్లకెల్లి 1 పోతే మైనస్ 0.72. అంతే, మీ ప్లాట్‌కు ఏం కాలే, బ్రాకెట్లే లేవు. B3 ల ఏండ్లు పెట్టుకొని గిట్ల రాయిన్రి:

```
=(B2/B1)^(1/B3)-1
```

రెండు బ్రాకెట్లు కావాలె, మొదటి దానికంటే రెండోదే ముఖ్యం, చాలామంది (B2/B1) కు పెట్టి 1/B3 కు మర్చిపోతరు, అప్పుడు కూడా సేమ్ మైనస్ 72 నే వస్తది. B3 ల 10 ఉంటే 0.1076 అని వస్తది, సెల్‌ను పర్సెంట్ చేస్తే 10.76 శాతం.

చాలామంది నోటితోని చెప్పే లెక్క వేరే ఉంటది, 9 కు 25 అంటే 178 శాతం పెరిగింది, పదేండ్లకు పంచితే ఏడాదికి 17.8 అంటరు. అది తప్పు, ఎందుకంటే రెండో ఏడు పెరిగేది 9 లక్షల మీద కాదు, మొదటి ఏడు పెరిగిన దాని మీద. అందుకే భాగించుడు కాదు, పదో మూలం తియ్యాలె, ^(1/10) అంటే అదే.

ఇగ RATE. ఇది అసలు అప్పుల కోసం, కిస్తీల కోసం చేసిన ఫంక్షన్, దానికి ప్లాట్ గిట్ల తెల్వదు, జేబులకెల్లి పోయింది ఎంత, జేబులకు వచ్చింది ఎంత అనే చూస్తది. పోయింది మైనస్, వచ్చింది ప్లస్. మీరు రెండూ ప్లస్ పెట్టిన్రు, అంటే 2014 ల 9 లక్షలు వచ్చినయ్, 2024 ల 25 లక్షలు కూడా వచ్చినయ్, ఎక్కడా పైసా పెట్టలే. గట్లాంటి దానికి శాతం యాడికెల్లి తెస్తది పాపం, #NUM! అంటది. గిట్ల రాయిన్రి:

```
=RATE(B3,0,-B1,B2)
```

ఇది కూడా 10.76 నే ఇస్తది, కాకపోతే RATE సెల్ తనంతట తనే పర్సెంట్ ఫార్మాట్ అయ్యి 11% అని చూపిస్తది, పవర్ ఫార్ములా 0.1076 అని చూపిస్తది, రెండూ వేరే అనుకొని పరేషాన్ కాకుండ్రి, డెసిమల్స్ పెంచి చూస్తే ఒకటే.

ఇప్పుడు నా కథ. మా నాయిన 2009 ల 3 లక్షలకు కొన్న జాగ 2021 ల 12 లక్షలు పలికింది. అన్నదమ్ముల పంపకంల పెద్దన్న జాగ ఉంచుకొని మాకు పైసలు ఇస్తా అన్నడు, దానికి ఏడాదికి ఎంత పెరిగిందో లెక్క తియ్యమని నా నెత్తిన పెట్టిన్రు. నేను RATE రాసిన, మైనస్ కూడా గుర్తుంచుకొని పెట్టిన, నడుమ ఆ సున్నా ఒక్కటి మర్చిపోయిన:

```
=RATE(12,-300000,1200000)
```

ఎర్రర్ వస్తే బాగుండు, రాలే. 23% అని మంచిగ నీట్‌గ వచ్చింది. నేను గదే అందరికి చెప్పిన, చిన్నన్న రాబోయే ఏండ్లకు కూడా 23 శాతం లెక్కన కట్టియ్యాలె అని పట్టు పట్టిండు, పెద్దన్న అన్నం తినకుండ లేచి పోయిండు. సంగతేందంటే RATE ల రెండో జాగ ఏటేటా కట్టే కిస్తీకి. సున్నా లేకపోయేసరికి నా 3 లక్షలు కిస్తీ అయి కూసున్నయ్, 12 లక్షలు అప్పు తీస్కొని పన్నెండేండ్లు ఏడాదికి 3 లక్షలు కడితే మిత్తి ఎంత అనే లెక్క చేసి పెట్టింది. లెక్క కరెక్టే, ప్రశ్నే వేరే. మీ అంకెలకు గట్ల సున్నా మర్చిపోతే 34 శాతం వస్తది, చూడనీకి మస్తు ఖుషీగ ఉంటది.

రెండు రోజులయినంక మా దుకాణంల పెద్ద గుమస్తా, కంప్యూటర్ ముట్టని మనిషి, నోటి మీదనే పట్టిండు. 3 కు 12 అంటే రెండు సార్లు డబుల్ అయింది, పన్నెండేండ్లల రెండు సార్లు అంటే ఆరేండ్లకు ఒకసారి, 72 ని డబుల్ అయ్యే ఏండ్లతోని భాగిస్తే శాతం సుమారుగ వస్తది, 72 ని 6 తోని భాగిస్తే 12, నీకు 23 యాడికెల్లి వచ్చింది తమ్మీ అన్నడు. కరెక్ట్ జవాబు 12.25. అప్పటి సంది నేను ఏ శాతం వచ్చినా మల్ల వెనక్కి గుణించి చూస్త, వచ్చిన శాతం B5 ల ఉంటే:

```
=B1*(1+B5)^B3
```

ఇది B2 కు సమానం రావాలె, రాకుంటే ఫార్ములా తప్పు. నా 23 శాతంతోని చేస్తే 3 లక్షలు 36 లక్షలయితయ్, గప్పుడే ఈ పని చేసి ఉంటే ఇంట్ల లొల్లి అయ్యేది కాదు.

ఇగ మీ 10 దగ్గరకొద్దాం. 2014 నుంచి 2024 దాంక షీట్‌ల ఏండ్లు వరుసగ రాసుకుంటే 11 లైన్లు అయితయ్, కొంతమంది ఆ 11 పెడతరు, అప్పుడు 9.73 వస్తది. లైన్లు కాదు, నడుమ గడిచిన ఏండ్లు లెక్కపెట్టాలె. మీ కేసుల 10 కూడా కాదు, జూన్ నుంచి డిసెంబర్ అంటే పదిన్నర. తారీఖులు రెండు సెల్లుల పెట్టి =YEARFRAC(D1,D2) అంటే అదే చెప్తది, జూన్ 12 నుంచి డిసెంబర్ 12 అయితే సరిగ్గ 10.5. పవర్ ఫార్ములాకు అరలు పావులు ఇచ్చినా ఏం కాదు, RATE కూడా తీస్కుంటది. 10.5 పెడితే 10.22 శాతం.

ఇంకోటి, 9 లక్షలు ప్లాట్ ధర, మీ జేబులకెల్లి పోయింది అంతేనా? రిజిస్ట్రేషన్, స్టాంప్ డ్యూటీ, డాక్యుమెంట్ రైటర్ ఖర్చు ఉంటయ్ గదా, అమ్మినప్పుడు ఏజెంట్ కమిషన్ ఉంటది. మీ అసలు అంకెలు నాకు తెల్వవు, ఉదాహరణకు కొన్నప్పుడు ఇంకో 60 వేలు, అమ్మినప్పుడు రెండు శాతం కమిషన్ 50 వేలు అనుకుందాం, అప్పుడు 9,60,000 పెట్టి 24,50,000 తెచ్చుకున్నట్టు, పదిన్నరేండ్లకు 9.33 శాతం. ఒకవేళ నడుమల ఎల్ఆర్ఎస్ ఫీజు గానీ, ప్రహరీ గోడ గానీ పెట్టి ఉంటే ఈ రెండు ఫార్ములాలూ పనికి రావు, అవి మొదలు చివర తప్ప నడుమ ఏం చూడవు, ఏ తారీఖున ఎంత పోయిందో ఎంత వచ్చిందో వరుసగ రాసి XIRR పెట్టాల్సిందే. ఫీజును మొదటి 9 లక్షలల్ల కలిపేస్తే ఆఖరి ఏడు కట్టిన పైసలు కూడా పదేండ్లు ఇరుక్కున్నట్టు లెక్క తప్పుతది.

ఇగ మీ బావ. రూపాయి మిత్తి అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12. మీది 9.33 కాబట్టి బావే గెలిచిండు అనిపిస్తది, గానీ ఆ 12 బారువడ్డీ, మన 9.33 చక్రవడ్డీ, రెండింటిని పక్కపక్కన పెట్టొద్దు. 9,60,000 రూపాయి మిత్తికి ఇచ్చి పదిన్నరేండ్లు ముట్టకుండ ఉంచి చివరకు బారువడ్డీ లెక్కన తీస్కుంటే 21,69,600 వస్తయ్, మీకు వచ్చిన దానికంటే తక్కువ. దాన్ని మన లెక్కలకు తెస్తే:

```
=(1+0.12*10.5)^(1/10.5)-1
```

8.07 శాతం. అంటే గట్ల అయితే ప్లాటే నయం. కానీ అప్పులు ఇచ్చేటోళ్లు పదేండ్లు కాయితం గట్లనే ఉంచరు, మూడేండ్లు దాటితే నోటు కోర్టుల చెల్లదని ఆ లోపలనే మిత్తిని అసలుల కలిపి తిరగ రాపిచ్చుకుంటరు, అప్పుడు మూడేండ్లకు 100 కు 136 అయితది, =1.36^(1/3)-1 కొడితే 10.79, అంటే బావ మాటే నిజం. ఏటేటా మిత్తి వసూల్ చేసి మల్ల రూపాయి మిత్తికే తిప్పితే పూర్తి 12, అప్పుడు పదిన్నరేండ్లకు 31 లక్షల 55 వేల దాంక అయితది. అందుకే మీ బావను శాతం అడగకుండ్రి, నోటు ఎన్నేండ్లకు ఒకసారి తిరగ రాపిచ్చేటోడో, ఎన్నిసార్లు పైసలు తిరిగి రాలేదో అడుగున్రి, వసూల్ కాని అప్పుకు RATE ల పెట్టనీకి B2 నే ఉండదు.