జీతం అడ్వాన్సు: ఆసుపత్రి బిల్లు చూసి కాదు, నెల ఖర్చు చూసి అడగండి

"అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. నెల్లూరులో ఆపరేషన్‌కి ఇంకా 90,000 తగ్గుతోంది. ఆరోగ్యశ్రీ ఆ ఆసుపత్రిలో లేదన్నారు. రొయ్యల ప్లాంట్‌లో సూపర్‌వైజర్ని, ఆరేళ్ల సర్వీసు. ఓటీ 3,000తో కలిపి చేతికి 27,000 వస్తుంది. ఇంటి ఖర్చు 18,500. కంపెనీని 90,000 అడ్వాన్సు అడిగి, నెలకు 15,000 చొప్పున ఆరు నెలల్లో తీర్చేస్తానని రాయనా?" – ఓ పాఠకుడు, కావలి

అలా రాయకండి. సరుకు తగ్గితే మొదట పోయేది ఓటీయే కాబట్టి మీ జీతం 24,000 అనే లెక్కేసుకోండి. అందులో 15,000 కోస్తే మిగిలేది 9,000. ఇల్లు గడవాలంటే నెలనెలా 9,500 బయట తేవాలి, ఆరు నెలలకు 57,000. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. కంపెనీ అప్పు తీరుతుంది, దాని చోట వడ్డీ అప్పు కూర్చుంటుంది.

ఖర్చు పోను మీకు మిగిలేది 5,500. మొదటి మూడు నెలలు అమ్మగారి ఫిజియోథెరపీకీ మందులకీ 4,500 దాకా పక్కన పెట్టండి. డాక్టరుగారు చెప్పేదాన్ని బట్టి ఈ అంకె సవరించుకోండి. అందుకే కోత నాలుగో నెల నుంచే మొదలుకావాలి. నెలకు 4,500, పన్నెండు నెలలు. అంటే మీరు అడగాల్సింది 54,000. ఈ మాట దాచకుండా అర్జీలోనే రాయండి:

"మా అమ్మగారి తుంటి ఆపరేషన్ నిమిత్తం 54,000 రూపాయలు అడ్వాన్సుగా ఇప్పించ ప్రార్థన. ఆసుపత్రి ఎస్టిమేట్ జతచేశాను. మొదటి మూడు నెలలు ఫిజియోథెరపీ ఖర్చు ఉన్నందున, నాలుగో నెల జీతం నుంచి నెలకు 4,500 చొప్పున పన్నెండు నెలలు మినహాయించుకోగలరు. ఈలోగా ఉద్యోగం మానితే మిగిలిన బాకీ నా ఫైనల్ సెటిల్‌మెంట్‌లో సర్దుకోవచ్చు."

ఆ చివరి వాక్యం వదలొద్దు. డబ్బిచ్చి మనిషి వెళ్లిపోతాడేమోనన్నదే యాజమాన్యాల భయం.

మంజూరు కాగితం మీద నెలవారీ కోత, మొదలయ్యే నెల రెండూ ఉండేలా చూసుకోండి. "సరే తీసుకో" అన్న నోటిమాట మీద తీసుకుంటే, పైనెలే అకౌంట్స్‌వాళ్లు మొత్తం పట్టేసుకునే ప్రమాదం ఉంది. చట్ట ప్రకారం అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు గానీ, సగం పోయినా మీ ఇల్లు నడవదు. పేస్లిప్‌లో అడ్వాన్సు రికవరీ విడిగా కనబడాలి, నెలనెలా బాకీ ఎంతో సరిచూసుకోండి.

మిగతా 36,000 పీఎఫ్ నుంచి తెచ్చుకోండి. తల్లిదండ్రుల వైద్యానికీ అడ్వాన్సు ఇస్తారు, తిరిగి కట్టక్కర్లేదు. రిటైర్మెంట్ సొమ్ము తరుగుతుంది, నిజమే. మూడు రూపాయల వడ్డీ కంటే అది నయం. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఈ రాత్రే చూడండి, తేడా ఉంటే క్లెయిమ్ తిరిగొస్తుంది. ఆ డబ్బు పడటానికి రోజులు పడుతుంది కనుక కంపెనీ సొమ్ము అడ్మిషన్‌కి కట్టి, మిగతాది డిశ్చార్జి నాడు కడతామని ఆసుపత్రి బిల్లింగ్‌లో ముందే మాట్లాడుకోండి.